ఫోటోలో ఉన్న బ్రెయిలీని కళ్లతో చదవడం ఎలా?

మందు పెట్టె మీదో, లిఫ్టు బటన్ పక్కనో, గది తలుపు మీదో ఉన్న చుక్కల్ని ఫోటో తీసి "ఇందులో ఏం రాసుందో చెప్పగలరా" అని అడిగేవాళ్లు చాలామంది. బ్రెయిలీ అక్షరాల చార్టు వెతికితే క్షణంలో దొరుకుతుంది. అయినా చదవలేకపోతారు. ఎందుకంటే చిక్కు చార్టు దగ్గర రాదు, దానికి ముందే వస్తుంది: ఏ చుక్కలు ఏ గడిలోవి, ఫోటో సరైన వైపు నుంచి తీశారా, తలకిందులుగా ఉందా అన్న దగ్గర. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ పని గురించే ఉంటుంది.

కావాల్సినవి

- ఫోటో. వస్తువు కూడా చేతిలో ఉంటే ఇంకా మంచిది, మళ్లీ తీసుకోవచ్చు.
- ఫోటోని పెద్దది చేసి, తిప్పి, నలుపు తెలుపుల్లోకి మార్చగలిగే ఏదో ఒక ఎడిటర్. ఫోన్‌లో ఉన్నది చాలు.
- గళ్ల కాగితం, పెన్సిలు.
- టార్చి, మళ్లీ ఫోటో తీసే వీలుంటే.

తెలిసి ఉండాల్సింది ఇంతే

బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలకు చోటు ఉంటుంది: రెండు నిలువు వరుసలు, ఒక్కోదానిలో మూడు చుక్కలు. ఎడమ వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో పైనుంచి కిందికి 4, 5, 6. ఇంగ్లిషులో మొదటి పది అక్షరాలు ఇవి:

```
a 1      b 12     c 14     d 145    e 15
f 124    g 1245   h 125    i 24     j 245
```

ఈ పదింటికీ 3వ చుక్క కలిపితే వరుసగా `k` నుంచి `t` దాకా వస్తాయి. మొదటి ఐదింటికి 3, 6 రెండూ కలిపితే `u v x y z`. వరుసలో ఇమడని `w` ఒక్కటే విడిగా 2456. ముందు 3456 అనే అంకె గుర్తు వస్తే ఆ తర్వాతి `a` నుంచి `j` వరకు అక్షరాలు 1 నుంచి 9, ఆపైన 0 అవుతాయి. అక్షరం ముందు 6వ చుక్క ఒక్కటే ఉంటే అది క్యాపిటల్ గుర్తు.

ఇక పని మొదలుపెడదాం.

1. ఫోటో చదవడానికి పనికొస్తుందో లేదో చూడండి

ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ఫోటోలో చుక్కలు చదునైపోతాయి, నీడ ఉండదు. మళ్లీ తీసే వీలుంటే ఫ్లాష్ ఆపేసి, టార్చిని ఉపరితలానికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. ఏటవాలు వెలుగులో ప్రతి చుక్కకీ ఒకవైపు మెరుపు, రెండోవైపు నీడ వస్తాయి. ఫోన్‌ని మాత్రం ఉపరితలానికి ఎదురుగా, సమాంతరంగా పట్టుకోండి. పక్కకి వంచి తీస్తే దగ్గరి గడులు వెడల్పుగా, దూరపువి ఇరుకుగా పడతాయి, మూడో మెట్టులో కొలత తప్పుతుంది. అప్పటికే అలా తీసేసిన ఫోటో అయితే ఎడిటర్‌లో వంపు సరిచేసే పనిముట్టు వాడండి.

మెరిసే స్టీలు పలక మీద టార్చి వెలుగు తిరిగి కెమెరాకే కొడుతుంది. అక్కడ టార్చి మానేసి, కిటికీ లాంటి మెత్తటి వెలుగు పక్క నుంచి పడేలా నిలబడటం మేలు. పారదర్శకమైన ప్లాస్టిక్ లేబుల్ అయితే ఫోటో జోలికి పోకుండా, పల్చటి కాగితం పైన పరిచి పెన్సిలు పక్కవాటుగా రుద్దండి. చుక్కలు నల్లగా తేలతాయి. ఆ కాగితాన్నే ఫోటో తీసుకోండి, ఎడమ కుడి మారవు.

2. ఉబ్బులా, గుంటలా?

ఇక్కడ మీ కన్నుని నమ్మొద్దు. వెలుగు ఎప్పుడూ పైనుంచే పడుతుందని మన మెదడు అనుకుంటుంది. అందుకే కింద నుంచి వెలుగు పడిన ఫోటోలో ఉబ్బు చుక్క గుంటలా కనిపిస్తుంది. అదే ఫోటోని తలకిందులు చేస్తే మళ్లీ ఉబ్బుగా కనిపిస్తుంది. కావాలంటే ఇప్పుడే ఒక ఫోటో తిప్పి చూడండి, కాసేపు కన్ను మీదే అనుమానం వస్తుంది.

నమ్మదగిన పద్ధతి ఒకటి ఉంది. ఫోటోలో మరో వస్తువు నీడ చూసి వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. చుక్కలో వెలుగు వైపున్న అంచు మెరుస్తూ, అవతలి అంచు నీడగా ఉంటే అది ఉబ్బు. వెలుగు వైపున్న అంచే నీడగా ఉంటే గుంట.

గుంటలు కనిపిస్తున్నాయంటే మీరు కాగితం వెనక వైపు చూస్తున్నారన్నమాట, అంటే రాత అద్దంలోలా తిరగబడి ఉంటుంది. బ్రెయిలీ పుస్తకం పేజీ అయితే ఉబ్బులూ గుంటలూ రెండూ కలిసి కనిపించొచ్చు, ఎందుకంటే కాగితానికి రెండు వైపులా అచ్చు వేస్తారు. అప్పుడు గుంటల్ని పూర్తిగా వదిలేసి ఉబ్బుల్ని మాత్రమే తీసుకోవాలి.

3. గడులు విడదీయండి

అందరూ తప్పేది ఇక్కడే. పక్కపక్కన రెండు నిలువు వరుసలు కనిపిస్తే అవి ఒకే గడిలోవా, లేక ఒక గడి కుడి వరుసా దాని పక్క గడి ఎడమ వరుసా?

దీన్ని కొలతతోనే తేల్చాలి. మామూలు బ్రెయిలీలో ఒకే గడిలోని రెండు చుక్కల మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు. ఒక గడి మొదలు నుంచి పక్క గడి మొదలు వరకు సుమారు 6. అంటే గడికీ గడికీ మధ్య ఖాళీ సుమారు 3.5 మిల్లీమీటర్లు. తేడా చిన్నదే గానీ కొలిస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఫోటోలో దగ్గరి చుక్కల మధ్య 40 పిక్సెళ్లు వచ్చాయనుకోండి. పక్క గడి అదే వరుస సుమారు 96 పిక్సెళ్ల దూరంలో ఉండాలి, రెండు గడుల మధ్య ఖాళీ సుమారు 56 రావాలి.

ఫోటో మీద 96 పిక్సెళ్లకు ఒకటి చొప్పున నిలువు గీతలు గీసుకుంటూ పోండి. చుక్కల్ని బట్టి ఒక్కో గడిని ఊహించొద్దు. వరుస మొత్తానికీ ఒకే గళ్ల చట్రం పరచి, చుక్కలు ఎక్కడ పడ్డాయో చూడండి. ఒక గడిలో ఒకే నిలువు వరుస ఉన్నా, అది ఎడమదో కుడిదో ఆ చట్రమే చెబుతుంది. పూర్తిగా ఖాళీగా ఉన్న గడి పదాల మధ్య ఖాళీ.

అడ్డు వరుసలకీ ఇదే సంగతి. చుక్క ఒక్కటే కనిపిస్తే అది 1 కావచ్చు, 2 కావచ్చు, 3 కావచ్చు. పైన ఉంటే అది `a`, మధ్యలో ఉంటే కామా, అడుగున ఉంటే అపాస్ట్రఫీ. అదే పంక్తిలో మూడు చుక్కల ఎత్తు నిండా ఉన్న గడిని, అంటే `l`, `p` లాంటి దాన్ని ముందు వెతకండి. దాని పై చుక్క, అడుగు చుక్కల మీదుగా పంక్తి పొడవునా రెండు అడ్డగీతలు గీస్తే మిగతా చుక్కలు ఏ ఎత్తులో ఉన్నాయో తేలిపోతుంది.

4. అక్షరాలు కాదు, అంకెలు రాసుకోండి

ఒక్కో గడికీ చుక్కల సంఖ్యలు మాత్రమే కాగితం మీద రాయండి: 1234, 1, 1235 ఇలా. ఖాళీ గడికి 0. ఈ దశలో చార్టు చూడకండి. చార్టు చూస్తూ పోతే రెండక్షరాలు రాగానే పదం ఊహించేస్తాం, ఆపైన లేని చుక్క కూడా కనిపించడం మొదలవుతుంది. అనుమానం ఉన్న చుక్క పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకి వెళ్లండి.

దుమ్ము మరక, కాగితం ముడత, పెయింటు బొట్టు కూడా చుక్కలా కనిపించొచ్చు. చట్రంలో చుక్క ఉండాల్సిన చోట పడకపోతే, మిగతావాటి సైజులో లేకపోతే, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

5. ఫోటో ఏ వైపుందో పరీక్షించండి

చార్టులో ఒక విషయం గమనించండి. ఇంగ్లిషు అక్షరాలు ఇరవై ఆరింటిలోనూ పై వరుస పూర్తిగా ఖాళీగా ఉన్నది లేదు, 1 గానీ 4 గానీ తప్పకుండా ఉంటుంది. అలాగే ఎడమ వరుస పూర్తిగా ఖాళీగా ఉన్న అక్షరమూ లేదు. దీన్నిబట్టి మీ జాబితా ఈ మూడింటిలో ఏ రకమో చూడండి:

- పై వరుస, ఎడమ వరుస దాదాపు ప్రతి గడిలోనూ నిండి ఉంటే ఫోటో సరిగ్గానే ఉంది.
- పై వరుస నిండి ఉండి, ఎడమ వరుస ఖాళీగా ఉన్న గడులు చాలా ఉంటే అద్దంలోలా తిరగబడింది. 1ని 4గా, 2ని 5గా, 3ని 6గా, అలాగే 4, 5, 6లను 1, 2, 3గా మార్చి, గడుల్ని కుడి నుంచి ఎడమకి చదవండి.
- పై వరుస ఖాళీగా ఉన్న గడులూ, ఎడమ వరుస ఖాళీగా ఉన్న గడులూ చాలా ఉండి, కుడి వరుసా అడుగు వరుసా నిండి ఉంటే తలకిందులైంది. ఫోటోని సగం చుట్టు తిప్పి మళ్లీ మొదటి నుంచి రాసుకోండి.

"దాదాపు" అన్నది ఎందుకంటే క్యాపిటల్ గుర్తు, విరామ చిహ్నాలు ఈ నియమానికి లొంగవు. ఒకటీ అరా కనిపిస్తే కంగారు పడొద్దు. `bad` లాంటి చిన్న పదం ఒక్కటే ఉంటే మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, అడుగు వరుస ఎక్కడుందో చెప్పే గడి అందులో ఉండదు కాబట్టి. అప్పుడు పక్కనున్న అచ్చు అక్షరాలో, బాణం గుర్తో చూసి తేల్చుకోవాలి.

ఒక ఫోటోని మొదటి నుంచి చివరి దాకా చదివి చూద్దాం

విప్పి పరిచిన మందు పెట్టె ఫోటో. అచ్చు అక్షరాలేవీ కనిపించడం లేదు, తెల్లటి అట్ట మీద చుక్కలు మాత్రమే ఉన్నాయి. చట్రం పరిచి, ఎడమ నుంచి కుడికి రాసుకుంటే ఇలా వచ్చింది:

```
1245 146 0 125 125 24 1236 0
456 246 146 4 1256 24 14 4 2456 4 1456
```

తొందరపడి చార్టు పెడితే మొదటి గడి `g`. రెండోది ఇరవై ఆరు అక్షరాల్లో లేదు. తర్వాత `hhiv`. దీన్నేదో కోడ్ అనుకుని ఇక్కడే వదిలేస్తారు చాలామంది.

ఇప్పుడు పరీక్ష పెట్టండి. ప్రతి గడిలోనూ 1 గానీ 4 గానీ ఉంది, అంటే పై వరుస సరిగ్గానే ఉంది. కానీ 456 ఒకచోట, 4 ఒక్కటే మూడుచోట్ల వచ్చాయి. ఈ నాలుగు గడుల్లోనూ ఎడమ వరుస ఖాళీ. రాత తిరగబడిందని దీంతో తేలింది. ఎలా జరిగిందో కూడా ఊహించొచ్చు: పెట్టెని విప్పి లోపలి వైపు ఫోటో తీశారు. అచ్చు కనిపించకపోవడానికీ అదే కారణం.

కుడి చివరి గడి నుంచి మొదలుపెట్టి మారుద్దాం. 1456లో 1 పోయి 4, 4 పోయి 1, 5 పోయి 2, 6 పోయి 3. అంటే 1234, `p`. పక్కనున్న 4 ఒక్కటీ 1 అయింది, `a`. 2456 మారితే 1235, `r`. అలా పోతే `paracetamol` వస్తుంది. తర్వాత ఖాళీ. ఆ తర్వాత ఇందాక `v` అనిపించిన 1236 నిజానికి 3456, అంటే అంకె గుర్తు. 24 మారి 15, ఇది ఐదు. 125 రెండుసార్లూ 245 అయి, రెండు సున్నాలు. ఖాళీ తర్వాత 134, 1245. మొత్తం `paracetamol 500 mg`.

కంప్యూటర్ అలవాటున్నవాళ్లు ఈ తిప్పడాన్ని పైథాన్‌కి అప్పజెప్పొచ్చు. చుక్కల సంఖ్యలిస్తే తిరగబడ్డ పంక్తిని సరిచేసి, బ్రెయిలీ గుర్తులుగా కూడా చూపిస్తుంది:

```python
s = "1245 146 0 125 125 24 1236 0 456 246 146 4 1256 24 14 4 2456 4 1456"
flip = str.maketrans("123456", "456123")
cells = ["".join(sorted(c.translate(flip))) for c in reversed(s.split())]
print(" ".join(cells))
print("".join(chr(0x2800 + sum(1 << int(d) - 1 for d in c if d != "0"))
              for c in cells))
```

రెండో పంక్తిలో వచ్చే గుర్తుల్ని ఫోటో పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఫోటో సరైన వైపు నుంచే తీసి ఉంటే `reversed`, `translate` రెండూ తీసేయండి.

6. అక్షరాలతో పదం రాకపోతే

పరీక్ష నెగ్గింది, వైపు సరిగ్గానే ఉంది, అయినా మధ్యమధ్య చార్టులో లేని గడులు వస్తున్నాయంటే రెండు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది.

మొదటిది, కుదింపు రాత. ఇంగ్లిషు బ్రెయిలీలో చోటు మిగలడానికి అక్షరాల గుంపులకు, కొన్ని పదాలకు ఒక్క గడే వాడతారు. దీన్ని గ్రేడ్ 2 అంటారు. బోర్డుల మీద, పుస్తకాల్లో తరచుగా కనిపించేవి కొన్ని:

```
the 2346   and 12346   ing 346   er 12456
sh 146     th 1456     ch 16     st 34     in 35
```

దీన్నిబట్టి ఒక హెచ్చరిక చెప్పాలి. 146, 1456 పై ఉదాహరణలోనూ వచ్చాయి, అక్కడ అవి తిరగబడ్డ `m`, `p`. ఇక్కడ `sh`, `th`. తిరగబడ్డ రాత కూడా కుదింపు రాతలాగే కనిపిస్తుంది కాబట్టి, ముందు అయిదో మెట్టు పరీక్ష పూర్తిచేయకుండా గ్రేడ్ 2 చార్టు తెరవకండి. కుదింపులో 35 లాంటివి పై వరుసని ఖాళీగా వదులుతాయి గానీ, 4 ఒక్కటే, 456 ఒక్కటే పదేపదే రావడం అరుదు.

రెండోది, భాష వేరే కావడం. తెలుగు బ్రెయిలీకీ ఇవే ఆరు చుక్కలు, అక్షరాలు చాలావరకు ఉచ్చారణ దగ్గరగా ఉన్న ఇంగ్లిషు గడుల్లోనే కూర్చుంటాయి. అందువల్ల ఇంగ్లిషు చార్టుతో చదివినా సగం పలుకుతుంది, అదే మోసం. 2345, 26, 123, 136, 1245, 136 అన్న వరుసని ఇంగ్లిషుగా చదివితే 26 కుదింపులో `en` కాబట్టి `tenlugu` వస్తుంది. తెలుగు బ్రెయిలీలో 26 అంటే ఎ. హల్లు తర్వాత అచ్చు గడి వస్తే అదే గుణింతం, కాబట్టి ఇది "తెలుగు". ఒత్తుల దగ్గర 4వ చుక్క ఒక్కటే హల్లు ముందు వస్తుంది: "అమ్మ" అంటే 1, 4, 134, 134. ఇందాక తిరగబడ్డ `a` కూడా ఒంటరి 4గానే కనిపించింది కదా. తేడా తెలుసుకోవడానికి పక్కన చూడండి. తెలుగు రాతలో పొల్లుకు గుర్తుగా వచ్చే 4 తర్వాత తప్పకుండా హల్లు గడి ఉంటుంది, పదం చివర అది ఒంటరిగా మిగలదు.

7. ఫలితాన్ని సరిచూసుకోవడం

పదాలైతే వాటంతట అవే తప్పు పట్టిస్తాయి. ఒక చుక్క అరిగిపోయి `o` కాస్తా `e` అయితే `paracetamel` చదివి మీరే దిద్దుకుంటారు. అంకెలకు ఆ సదుపాయం లేదు. 5 అంటే 15, అందులో 5వ చుక్క అరిగిపోతే 1 అవుతుంది, 500 కాస్తా 100 అయి కూర్చుంటుంది, చూస్తే రెండూ నమ్మశక్యంగానే ఉంటాయి. 8 అంటే 125, దానిలో 2 పోతే 5, 5 పోతే 2. 4 అంటే 145, అందులో 5 పోతే 3.

అందుకని అంకె గుర్తు తర్వాత ఉన్న ప్రతి గడినీ విడిగా, అత్యధికంగా పెద్దది చేసి మళ్లీ చూడండి. ఖాళీగా అనిపించిన స్థానాల మీదే దృష్టి పెట్టండి. ఉన్న చుక్క కాదు, లేదనుకున్న చుక్కే పొరపాటు తెస్తుంది. వెలుగు ఒక వైపు నుంచే పడితే ఒక చుక్క నీడలో పక్క చుక్క మునిగిపోవచ్చు కాబట్టి, వీలుంటే టార్చిని తొంభై డిగ్రీలు పక్కకి జరిపి ఇంకో ఫోటో తీసి రెండూ పోల్చండి.

అంకె పక్కనే ఖాళీ లేకుండా అక్షరం ఉన్నా జాగ్రత్త. `5g` అని రాయాలంటే మధ్యలో 56 అనే గుర్తు పెడతారు, లేకపోతే ఆ `g` ఏడుగా చదవబడి 57 అయిపోతుంది. ఫోటోలో ఆ రెండు చుక్కల్ని దుమ్ము అనుకుని కొట్టేస్తే మీరే 57 చదువుతారు.

రెండు ఫోటోల్లోనూ ఒక చుక్క తేలకపోతే ఆ అంకెని రాయకండి, ప్రశ్నార్థకంతోనే వదిలేయండి. మందు మోతాదు విషయంలో ఫోటో నుంచి చదివింది ఆధారం కాదు. పెట్టె అచ్చు వైపో, లోపలి మందు పట్టీనో చూడాలి, అదీ లేకపోతే మందుల షాపులో చూపించాలి.